‘మంగళ వల్లేస్’ను తెలుగులో ఏమనాలి?

సుజాత: అంగారకుడి మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో ‘మంగళ వల్లేస్’ అనే చోటు వచ్చింది. మంగళం అంటే శుభం కదా అని ‘శుభలోయలు’ అని రాశాను. చూసినవారు తప్పన్నారు గానీ ఎందుకో చెప్పలేదు.

రవికుమార్: మన మంగళయాన్ గుర్తుగా పెట్టిన పేరండీ అది. అనువదించకూడదు.

శేషగిరి: అనువదించకూడదన్నది నిజమే రవి గారూ, కారణం మాత్రం అది కాదు. మంగళయాన్ బయల్దేరింది 2013లో, ఈ పేరు 1970లలోనే ఖరారైంది. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఒక్కో గ్రహం మీద ఒక్కో రకం నేలరూపానికి ఒక్కో పేర్ల వరుస పెట్టుకుంది. అంగారకుడి పెద్ద లోయలకైతే, ఆ గ్రహాన్ని ఏ భాషవాళ్లు ఏమంటారో ఆ మాట పెడతారు. ‘మంగళ’ సంస్కృతం నుంచి, ‘మౌర్త్’ వెల్ష్ నుంచి, ‘కసే’ జపనీస్ నుంచి వచ్చాయి. కాబట్టి సుజాత గారూ, ఇది మంగళవారంలో ఉన్న మంగళుడు. వల్లేస్ బహువచనం, ఒక్క లోయైతే వల్లిస్. ఇక్కడ పాయలు పాయలుగా చీలిన కాలువల గుంపు ఉంది. ‘మంగళ లోయలు’ అంటే చాలు.

పద్మావతి: వల్లిస్ మన ‘వల్లి’యేనేమో? తీగలా సాగుతుందిగా.

శేషగిరి: చెవికి దగ్గరే గానీ సంబంధం లేదమ్మా. లాటిన్‌లో వల్లిస్ అంటే లోయే. ‘కసే’ చూడండి, దానర్థం నిప్పుచుక్క. మన అంగారకుడిలోని అంగారమూ నిప్పుకణికే. ఆ ఎరుపు చూసి ఇద్దరికీ నిప్పే తోచింది. ఆ జాబితాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

రవికుమార్: మరి ‘అంగారక’ను తెలుగు పేరుగా పంపొచ్చుగా?

పద్మావతి: అదీ సంస్కృతమే, కుజుడూ అంతే.

శేషగిరి: ఆ వరుసలో ‘నక్షత్రం’ అనే మాటకూ చోటుంది. దావ్ వల్లిస్‌లో ‘దావ్’ అంటే థాయ్ భాషలో నక్షత్రం. ఆ లెక్కన మన ‘చుక్క’ చక్కగా సరిపోతుంది. కాకపోతే ఊరికే పేరు పెట్టరు. ఆ చోటు గురించి రాయాల్సిన అవసరం శాస్త్రవేత్తలకు రావాలి.

మోహన్: చంద్రుడి మీద ఒక బిలానికి మా నాన్నగారి పేరు పెట్టిస్తామని ఒక సైటు డబ్బడుగుతోంది. కట్టమంటారా?

శేషగిరి: కట్టకండి. సమాఖ్య పేర్లు అమ్మదు. డబ్బు కడితే వచ్చే కాగితం మీది పేరు ఏ శాస్త్రీయ పటంలోనూ ఉండదు.

సుజాత: ‘మంగళ లోయలు’ అని మార్చేశాను. పక్కనే ‘మంగళ ఫోసా’ ఉంది, ఆ లోయలను తొలిచిన నీళ్లు బయల్దేరిన చోటట. ‘మంగళ కందకం’ అననా?

పద్మావతి: కందకం అంటే కోట చుట్టూ తవ్వినది. ఇది నేల చీలి ఏర్పడింది కదా, ‘పగులు’ అనండి.

శేషగిరి: లాటిన్ ఫోసా కూడా తవ్విన కాలువేనమ్మా. సమాఖ్య కావాలనే ఆకారం చెప్పే మాటలు ఎంచుకుంది, ఎలా ఏర్పడిందో చెప్పేవి కాదు. రేపు కారణం గురించి అభిప్రాయం మారినా పేరు నిలవాలి. ‘పగులు’ అంటే కారణం చెప్పేసినట్టే.

పద్మావతి: కందకం అన్నా ఎవరో తవ్వారని చెప్పినట్టే కదండీ!