తరుగుదల పాఠం: వారం తరగతుల ముఖ్యాంశాలు కావాలి

నమస్తే. మీతో నేరుగా పరిచయం లేకపోయినా మనమిద్దరం బి.కామ్. మొదటి సంవత్సరం ఒకే సెక్షన్‌లో ఉన్నాం. జ్వరం వల్ల గత వారం తరగతులకు రాలేకపోయాను. ఆ వారంలోనే అకౌంటెన్సీలో తరుగుదల పాఠం జరిగిందని తెలిసింది.

పుస్తకం చూసి తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఒక లెక్క చేశాను. 2022 ఏప్రిల్ 1న లక్ష రూపాయలకు కొన్న యంత్రంపై ఏటా 10 శాతం తరుగుదల తీసివేస్తే, 2024 మార్చి 31 నాటికి పుస్తకపు విలువ 81,000 అవుతుంది. దానిని 2024 సెప్టెంబర్ 30న 70,000కు అమ్మితే, ముందుగా ఆరు నెలల తరుగుదల 4,050 తీసివేసి, మిగిలిన 76,950తో పోల్చి 6,950 నష్టం చూపాను. ఈ వరుస సరైనదేనా? సారు యంత్రం ఖాతాలో ఇలాగే రాయించారా?

నాకు ఎక్కువ సందేహం పద్ధతి మార్పు దగ్గర ఉంది. నా పాత పుస్తకం, పద్ధతి మారిస్తే కొన్న తేదీ నుంచి తరుగుదలను తిరిగి లెక్కకట్టి తేడాను సర్దుబాటు చేయమంటోంది. సవరించిన అకౌంటింగ్ ప్రమాణం 10 ప్రకారం మాత్రం దానిని అంచనాలో మార్పుగా భావించి, అప్పటి పుస్తకపు విలువపై ఇకముందుకే కొత్త పద్ధతి వర్తింపజేయాలి. పరీక్షకు ఏది రాయమన్నారో తెలియజేయగలరు. ఆ రోజు బోర్డు మీద చేసిన లెక్క ఫొటో ఒక్కటి పంపినా ఎంతో ఉపకారం.