నాన్న ఖాతాలో 11.40 లక్షల క్యాష్ వేశాం, బ్యాంకు లెటర్ వచ్చింది: పాస్‌బుక్‌లో ఈ వరసలకు అర్థం ఏంటి?

పల్నాటి పిల్లోడు
మార్చిలో మూడు రోజులు వరసగా నాన్న సేవింగ్స్ ఖాతాలో క్యాష్ వేశాం. ఖాతా నాన్న, అమ్మ ఇద్దరి పేరు మీద ఉంది. ఏప్రిల్ మూడో వారంలో బ్రాంచి నుంచి లెటర్ వచ్చింది. జమ చేసిన నగదు ఎక్కడిదో 7 రోజుల్లో రాసివ్వమన్నారు. పాస్‌బుక్ ప్రింటు ఇదీ:

```
17-01-24 CASH WDL SELF             4,00,000.00 DR
12-03-24 CASH DEPOSIT SELF         4,80,000.00 CR
13-03-24 CASH DEP THIRD PARTY VEN  4,60,000.00 CR
14-03-24 CASH DEPOSIT SELF OTH BR  2,00,000.00 CR
14-03-24 CASH HANDLING CHG+GST         177.00 DR
```

డబ్బంతా గుంటూరు యార్డులో మిర్చి అమ్మినది, ఇంట్లో ఉన్నది. ఒక్క రోజు కూడా 5 లక్షలు దాటలేదు. మరి ఎందుకు అడిగారు? ఆ THIRD PARTY ఏంటి?

లెక్కల మాస్టారు
10 లక్షలు దాటితేనే బ్యాంకు పైకి రిపోర్టు చేస్తుంది. మీరు మూడు రోజులూ ఒకే నెలలో వేయడం వల్ల వచ్చింది తంటా. రెండు నెలలకు విడగొట్టి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. ఇంకో మాట, 10 దాటింది కాబట్టి నాన్నగారికి ఇక ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేయడం తప్పనిసరి.

పాత క్యాషియర్
మాస్టారూ, సగం నిజం చెప్పారు, మిగతా సగం ఆయన్ని ముంచుతుంది.

నెల లెక్క నిజమే. ఒక్కో జమ 10 లక్షల లోపే ఉన్నా, ఒకదానికొకటి ముడిపడిన జమలు ఒకే నెలలో కలిపి 10 లక్షలు దాటితే క్యాష్ ట్రాన్సాక్షన్ రిపోర్టు వెళ్తుంది. మరుసటి నెల 15వ తేదీలోపు ఢిల్లీలో ఇలాంటి లావాదేవీలను గమనించే కేంద్ర సంస్థ ఎఫ్‌ఐయూకి చేరాలి. మార్చి జమలు కాబట్టి ఏప్రిల్ 15 గడువు. అది నేరారోపణ కాదు, నెలనెలా లైను పడి వెళ్లే లెక్క. దానికోసం ఎవరూ కస్టమరుకు లెటర్ రాయరు.

లెటర్ వేరే దారిలో వస్తుంది. ఖాతా తెరిచినప్పుడు ఫారంలో వృత్తి, ఏడాది ఆదాయం రాయించుకుంటారు. పల్లెటూరి పాత ఖాతాల్లో చాలావాటికి ఆ గడిలో "వ్యవసాయం, 1 లక్ష" అని ఉంటుంది, పదేళ్లయినా ఎవరూ మార్చరు. అలాంటి ఖాతాలో మూడు రోజుల్లో 11.40 పడితే సిస్టమ్ దానంతటదే అలర్ట్ లేపుతుంది. అది హెడ్డాఫీసులో మనీ లాండరింగ్ మీద కన్నేసి ఉంచే ఏఎంఎల్ సెల్‌కు పోతుంది, వాళ్లు బ్రాంచిని అడుగుతారు, బ్రాంచి మిమ్మల్ని అడుగుతుంది. మీ విషయంలో అలర్టుకు ఇంకో రెండు కారణాలు కూడా కనిపిస్తున్నాయి: ఒక జమ వేరే మనిషి వేశాడు, ఒకటి వేరే బ్రాంచిలో పడింది.

విడగొట్టడం గురించి: ముక్కలు ముక్కలుగా వేయడాన్ని పట్టుకోవడానికే సిస్టమ్‌లో విడిగా రూల్ ఉంటుంది. 50 వేలు దాటితే పాన్ అడుగుతారని 49 వేల చొప్పున వేసేవాళ్లు ముందు దొరికేది అక్కడే. అసలు డబ్బు సక్రమమైనదే అయినా, విడగొట్టిన తీరు వల్ల అనుమానం పుడుతుంది.

మీసేవ మల్లన్న
పాస్‌బుక్ల వేరేటోళ్ల పేరు పడితే తాసిల్దారు ఆఫీసుకు పోవాలె తమ్మీ. భూముల పోర్టల్‌ల అప్లికేషన్ పెట్టి, ఆధార్, పాత పాస్‌బుక్ జిరాక్సు జత చెయ్యి. థర్డ్ పార్టీ అంటే ఎవలో నీ భూమి మీద క్లెయిమ్ చేసిండ్రు గావచ్చు.

పాత క్యాషియర్
మల్లన్నా, అది పట్టాదారు పాస్‌బుక్కు. ఇక్కడ అడిగేది బ్యాంకు పాస్‌బుక్కు, పైగా ఆయనది పల్నాడు, తెలంగాణ కాదు. అయినా మీ మాట వృథా పోలేదు. లెటర్‌కు ఇచ్చే జవాబుకు పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సు జత చేయాలి. దానికి తోడు ఈ-క్రాప్ నమోదు ఉంటే అది ఇంకా గట్టిది. భూమి ఎన్ని ఎకరాలో పాస్‌బుక్ చెబుతుంది, అందులో ఈ ఏడు మిర్చే వేశారని ఈ-క్రాప్ చెబుతుంది.

ఇక THIRD PARTY సంగతి. క్యాష్ జమ అయితే అది క్యాష్ అని, వేసింది ఖాతాదారుడో వేరొకరో, వేసినవారి పేరేంటో పాస్‌బుక్‌లో రాయాలని రిజర్వ్ బ్యాంకు 2017 జూన్‌లో బ్యాంకులకు చెప్పింది. 13న బ్యాంకుకు వెళ్లింది నువ్వే అయ్యుంటావు. స్లిప్పు మీద "డిపాజిట్ చేసినవారు" అన్న చోట నీ సంతకం ఉంటుంది. పాస్‌బుక్ వరస పొట్టిది, అందుకే పేరు VEN దగ్గర తెగిపోయింది. కౌంటర్లో అకౌంట్ స్టేట్‌మెంట్ అడుగు, అందులో పేరు పూర్తిగా వస్తుంది. జవాబులో ఈ వరసకు విడిగా ఒక వాక్యం రాయండి: "13న జమ చేసినది నా కుమారుడు, డబ్బు నాది, నా తరఫున తెచ్చి వేశాడు." అది లేకపోతే ఆ 4.60 లక్షలు కొడుకు తండ్రికిచ్చిన డబ్బులా కనిపిస్తుంది.

OTH BR అంటే వేరే బ్రాంచిలో వేశారని. కింద 177 రూపాయలు దాని చార్జీ, 150 మీద 18 శాతం జీఎస్టీ 27. ఇందులో గుట్టేమీ లేదు.

శ్రీను కిరాణా
నాదీ ఇదే బాధ. కొట్టు కలెక్షను రోజూ 40 వేల దాకా సేవింగ్స్‌లో వేస్తున్నా, నెలకు 25 రోజులు. రోజుకు 50 వేలు దాటట్లేదు, పాన్ అడగలేదు. అయినా మేనేజరు పిలిచి కరెంట్ ఖాతా తీసుకోమంటున్నాడు. మినిమమ్ బ్యాలెన్సు కోసమేనా?

ఆడిటర్ గారి అసిస్టెంటు
శ్రీను గారూ, మీది 25 రోజులకే 10 లక్షలు. 50 వేల లోపు జమలు ఆ నెలవారీ క్యాష్ రిపోర్టులోకి రాకపోవచ్చు. కానీ ఇన్‌కమ్ ట్యాక్స్‌కు బ్యాంకు పంపే లెక్క వేరే, అది ఏడాదికి. సేవింగ్స్‌లో క్యాష్ జమలు ఆర్థిక సంవత్సరం మొత్తంలో 10 లక్షలు తాకితే మే 31 లోపు ఎస్‌ఎఫ్‌టీ అనే పెద్ద లావాదేవీల నివేదికలో వెళ్తాయి, ఒక్కో జమ ఎంత చిన్నదైనా. కరెంట్ ఖాతాకు ఆ హద్దు 50 లక్షలు. అయినా మేనేజరు చెప్పేది హద్దు గురించి కాదు, వ్యాపారం డబ్బు వ్యాపారం ఖాతాలో ఉండాలని. మీ ప్రశ్నకు విడిగా థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

పల్నాటి తమ్ముడూ, రిటర్న్ గురించి మాస్టారు చెప్పింది సరికాదు. సేవింగ్స్ జమల వల్ల రిటర్న్ తప్పనిసరి అయ్యేది ఏడాదికి 50 లక్షల దగ్గర. మీ 11.40 ట్యాక్స్ పోర్టల్‌లో ఒక్కో పాన్‌కు ఉండే వార్షిక సమాచార పట్టిక ఏఐఎస్‌లో ఎస్‌ఎఫ్‌టీ-004 కింద కనిపిస్తుంది, అంతే. కాకపోతే ఒక చిక్కు ఉంది. జాయింట్ ఖాతా అయితే మొత్తం విలువను ఖాతాదారులందరికీ ఆపాదించాలని రూల్. సగం సగం పంచరు. అమ్మగారికి పాన్ ఉంటే ఆవిడ ఏఐఎస్‌లో కూడా 11.40 పడుతుంది. అక్కడ ఫీడ్‌బ్యాక్‌లో "ఇతర పాన్‌కు చెందినది" అన్నది ఎంచుకుని నాన్నగారి పాన్ ఇవ్వండి. అప్పటిదాకా ఆవిడకు ఏదైనా మెసేజ్ వస్తే కంగారు పడొద్దు.

ఇప్పుడు 11.40 ఎలా వచ్చిందో ముక్కలుగా రాయండి, చూద్దాం.

పల్నాటి పిల్లోడు
మిర్చి పట్టీలు, అంటే యార్డులో ఇచ్చిన అమ్మకం చీటీలు, మూడు: ఫిబ్రవరి 20న 1,86,000, 28న 1,72,000, మార్చి 7న 1,94,000. ముగ్గురు వేరువేరు కమీషన్ వ్యాపారులు, అంతా క్యాషే. జనవరిలో తీసిన 4,00,000 స్థలం బయానా కోసం, బేరం కుదరలేదు, తిరిగి వేశాం. మిగతాది ఇంట్లో ఉన్నది.

ఆడిటర్ గారి అసిస్టెంటు
పట్టీలు 5,52,000. జనవరి విత్‌డ్రా 4,00,000. కలిపి 9,52,000. అంటే 1,88,000కు కాగితం లేదు.

పట్టీల విషయంలో మీ అదృష్టం బాగుంది. ఒకే మనిషి నుంచి ఒకే రోజు, లేదా ఒకే లావాదేవీకి, 2 లక్షలు లేదా అంతకు మించి క్యాష్ తీసుకుంటే తీసుకున్నవాడి మీదే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. రైతుకు మినహాయింపు ఉందని యార్డులో చెబుతుంటారు, ఆ మాట 2 లక్షల లోపు అమ్మకాలకే. మీ మూడూ లోపలే ఉన్నాయి. అసలు పట్టీలు దాచి, జిరాక్సులే ఇవ్వండి. పట్టీ మీద నాన్నగారి పేరు, తేదీ, బస్తాలు, తూకం, ధర, కమీషన్ కోత పోగా ఇచ్చిన మొత్తం చదవడానికి వీలుగా ఉండాలి. పట్టీ కొడుకు పేరున రాసి ఉంటే ఇప్పుడే చెప్పండి.

జనవరి 17 వరస ఈ పాస్‌బుక్‌లోనే ఉంది కాబట్టి అదే ఆధారం. అయితే రెండు నెలలు చేతిలో ఎందుకు ఉంచుకున్నారో ఒక్క వాక్యం కావాలి. బయానా బేరం మాట నిజమే కాబట్టి అదే రాయండి.

లెక్కల మాస్టారు
ఆ 1.88కి బావమరిది దగ్గర గిఫ్టు అని ఒక కాగితం రాయించుకుంటే సరిపోదా? బంధువుల గిఫ్టుకు పన్ను లేదుగా.

పాత క్యాషియర్
లేని గిఫ్టుకు కాగితం పుట్టించడమా మాస్టారూ? రేపు బావమరిదిని పిలిచి ఆయనకా డబ్బు ఎక్కడిదంటే ఏం చెబుతాడు? ఒక ఖాళీ పూడ్చబోయి రెండు తవ్వుకున్నట్టు.

ఆడిటర్ గారి అసిస్టెంటు
పైగా ఆధారం చెప్పలేని డబ్బు అని ఆదాయపన్ను అధికారి తేలిస్తే 2023-24 జమలకు రేటు 60 శాతం, సర్‌చార్జి, సెస్సు కలిపి 78 శాతం. ఉన్నదే రాయాలి.

పల్నాటి పిల్లోడు
అమ్మను అడిగా. అందులో లక్ష డ్వాక్రా లోనులో తన వాటా అట, డిసెంబరులో గ్రూపు ఖాతా నుంచి క్యాష్‌గా పంచుకున్నారు. మిగతా 88 వేలు రెండు మూడేళ్లుగా పాల డబ్బులు, కూలి డబ్బులు దాచినవి.

పాత క్యాషియర్
లక్షకు దారి దొరికింది. గ్రూపు పాస్‌బుక్‌లో డిసెంబరు విత్‌డ్రా వరస, తీర్మానం పుస్తకంలో ఎవరి వాటా ఎంతో రాసిన పేజీ, రెండూ జిరాక్సు తీయండి. కానీ లోను ఇచ్చింది ఏదో పనికి. అది ఎందుకు ఇంటి ఖాతాలో పడిందని అడిగితే అమ్మగారి దగ్గర జవాబు ఉండాలి.

జవాబు ఒక పేజీ చాలు. పైన ఖాతా నంబరు, లెటర్ తేదీ. కింద డబ్బు వచ్చిన తేదీ, మొత్తం, ఎక్కడినుంచి, జత చేసిన కాగితం, ఇలా నాలుగు గడులు. ఆఖర్న కూడిక 11,40,000 రావాలి. పది రూపాయలు తేడా వచ్చినా మళ్లీ పిలుస్తారు. నాన్నగారు సంతకం చేసి రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్రాంచి గుండ్రటి సీలు, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. డిపాజిట్ స్లిప్పుల కౌంటర్ ఫాయిళ్లు దానికే పిన్ను కొట్టి ఉంచండి. అదే పూట కేవైసీ ఫారంలో ఏడాది ఆదాయం సరిచేయమనండి. లేకపోతే వచ్చే మిర్చి సీజనుకు మళ్లీ ఇదే లెటర్ వస్తుంది.

పల్నాటి పిల్లోడు
జవాబు ఇచ్చాక కేసు మూసేశారో లేదో పాస్‌బుక్‌లో పడుతుందా?

పాత క్యాషియర్
పడదు. అలర్ట్, దానికి బ్రాంచి రాసిన రిమార్కు, మూసిన తేదీ, అన్నీ వాళ్ల సిస్టమ్‌లోనే ఉంటాయి. ఒకవేళ అనుమానాస్పదం అని పైకి రిపోర్టు చేసినా ఆ సంగతి మీకు చెప్పడం సిబ్బందికి నిషేధం. అడిగి వాళ్లను ఇబ్బంది పెట్టకండి. మీరు చూడగలిగేది ఒక్కటే: యాప్‌లో లెడ్జర్ బ్యాలెన్సు, వాడుకోదగ్గ బ్యాలెన్సు వేరువేరుగా ఉంటే ఏదో హోల్డ్ పడిందన్నమాట. అది పాస్‌బుక్ ప్రింటులో కనిపించదు. మీకు రెండూ ఒకటేనా?

పల్నాటి పిల్లోడు
ఒకటే. సరే, 88 వేలకు ఏం రాయాలి?

ఆడిటర్ గారి అసిస్టెంటు
పాల కేంద్రం వాళ్లు పదిహేను రోజులకోసారి ఇచ్చే చీటీలు ఉన్నాయా?

పల్నాటి పిల్లోడు
కొన్ని ఉన్నాయి. సగానికి పైగా చెదలు తినేశాయి.

పాత క్యాషియర్
ఉన్నవి జత చేయండి. మిగతాది "ఇంటి పొదుపు" అని ఉన్నదున్నట్టు రాయండి. 11.40లో ఆ ముక్కను బ్రాంచి మేనేజరు ఒప్పుకుంటాడా లేదా అన్నది ఆయన చూపును బట్టి ఉంటుంది.

ఆడిటర్ గారి అసిస్టెంటు
బ్యాంకు ఒప్పుకున్నా ట్యాక్స్ వాళ్లు ఒప్పుకోవాలని లేదు, అది గుర్తుంచుకోండి. కేంద్రం దగ్గర రిజిస్టరు ఉంటే పోసిన లీటర్ల లెక్క రాయించుకుని సంతకం పెట్టించండి. ముందు అది ప్రయత్నించి చెప్పండి.