వాష్ బేసిన్ కింద కబోర్డ్ ఉబ్బిపోయింది, ఈసారి దేనితో చేయించాలి?

నమస్కారమండీ, మాది తిరుపతి. మూడేళ్ల క్రితం బాత్రూమ్‌లో వాష్ బేసిన్ కింద ఎండీఎఫ్ కబోర్డ్ చేయించాం. లామినేట్ ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది. కానీ డ్రెయిన్ పైపు కోసం కోసిన రంధ్రం చుట్టూ బోర్డు ఉబ్బింది, వేలితో నొక్కితే పొడిలా రాలుతోంది. తలుపు కింది అంచు కూడా లావెక్కి సరిగ్గా మూసుకోవట్లేదు. అంటే తేమ లామినేట్‌లోంచి కాదు, సీల్ చేయని కోత అంచుల్లోంచి ఎక్కిందన్నమాట.

కార్పెంటర్ హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు చాలంటున్నాడు. అది తేమకు తట్టుకుంటుంది గానీ, నీళ్లు నిలిస్తే అదీ ఉబ్బుతుంది కదా? నాన్నకు టేకు ఇష్టం. అది త్వరగా కుళ్లదు, నిజమే. అయితే వెడల్పాటి పలకలు వానాకాలం వ్యాకోచించి తలుపులు బిగుసుకుంటాయేమోనని నా టెన్షన్. నా మనసు మాత్రం అల్యూమినియం ఫ్రేమ్ మీద ఉంది. గోడకు బిగించి, నేలకు ఆరంగుళాల ఎత్తులో పెట్టి, తలుపులకు మాత్రం ఐఎస్ 710 మెరైన్ ప్లై వేయిద్దామని.

ఇలా చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ప్లై కోత అంచులకు ఏం పూశారు, ఎపాక్సీనా, పీయూ కోటింగా? స్టీలు హింజులు తుప్పు పట్టకుండా నిలిచాయా? దయచేసి చెప్పండి, వచ్చే వారమే పని మొదలుపెట్టాలి.