రేస్ ఇస్తే హెడ్‌లైట్ భగ్గుమంటంది, బల్బులు నిలవట్లేదు: ఆర్ఆర్ మార్చాల్సిందేనా?

అల్లూరు గుంటగట్టు:
నాది 2011 మోడల్ 100 సీసీ బండి. రాత్రిపూట రొయ్యల గుంటల కాడికి పోతా ఉంటా. స్లోలో ఉంటే లైటు గుడ్డిదీపమే, రేస్ ఇస్తే తెల్లగా భగ్గుమంటంది. రెండు నెలల్లో మూడు హెడ్‌లైట్ బల్బులు, రెండు టెయిల్ బల్బులు పోయినాయి. కావలిలో ఒకాయన బ్యాటరీకి మీటరు పెట్టి, రేసులో 14.2 వోల్టులు చూపించి ఆర్ఆర్, అదే రెగ్యులేటర్ రెక్టిఫైయర్, బాగుందన్నాడు. ఇంకొకాయన ఆర్ఆర్ మార్చమంటాడు. ఎవరి మాట వినాలప్పా?

కందుకూరు కుర్రోడు:
పాత బండ్లన్నిటికీ అంతే అన్నా, రేసుని బట్టి లైటు పెరగతది. నువ్వు కొనేవి డూప్లికేటు బల్బులై ఉంటాయి. గాజుని చేత్తో పట్టుకున్నావా? వేలి జిడ్డు అంటితే హాలోజన్ బల్బు తొందరగా పోద్ది.

ఒంగోలు పానా:
జిడ్డు మాట నిజమే తమ్ముడూ, కానీ టెయిల్ బల్బులు కూడా ఎందుకు పోతున్నాయో అది చెప్పదు. లైటు కాస్త పెరగడం మామూలే, బల్బులు వరసగా మాడటం మామూలు కాదు.

అల్లూరు అబ్బాయ్, ఇంజను ఆపి తాళం ఆన్‌లో పెట్టు. హెడ్‌లైట్ వెలగలేదంటే అది బ్యాటరీ మీద నడవట్లేదు, మాగ్నెట్ కాయిల్ నుంచి ఏసీ కరెంటు నేరుగా తీసుకుంటా ఉంది. అట్టాంటి బండిలో ఆర్ఆర్ రెండు పనులు చేస్తది: ఒక పక్క బ్యాటరీ చార్జింగు, ఇంకో పక్క లైట్ల వోల్టేజిని మీరకుండా ఆపడం. మీ కావలాయన చూసింది మొదటిది మాత్రమే. అది బాగున్నా రెండోది చచ్చిపోయి ఉండొచ్చు.

సింగరాయకొండ:
నాకూ ఇదే గోల. నాది కొత్త బండి, లైటు ఎప్పుడూ వెలిగే మోడల్. రేసులో బ్యాటరీ మీద 16.3 వచ్చింది, బ్యాటరీ పొట్ట ఉబ్బింది. ఆర్ఆర్ మార్చినా, పీడ పోయింది. నువ్వూ మార్చెయ్యి.

ఒంగోలు పానా:
మీది లైటు బ్యాటరీ మీద నడిచే రకం అనిపిస్తా ఉంది. బ్యాటరీ మీద 15 దాటిందంటే అనుమానం ఆర్ఆర్ మీదికే పోవాలి. ఈ అబ్బాయికి అక్కడ 14.2 ఉంది కదా.

అల్లూరు గుంటగట్టు:
తాళం వేస్తే హారన్, ఇండికేటర్లు పనిచేస్తన్నాయి. హెడ్‌లైట్ వెలగలా.

ఒంగోలు పానా:
అయితే మీటరు ఏసీలో పెట్టు. హెడ్‌లైట్ వేసే ఉంచి, నల్ల వైరు ఇంజను ఎర్తుకి, ఎర్రది ఆర్ఆర్‌కి వచ్చే పసుపు వైరుకి ఆనించు. మామూలుగా పసుపే లైట్లది, కంపెనీని బట్టి మారొచ్చు. మెల్లగా రేస్ ఇయ్యి. 13, 14 దగ్గర ఆగాలి. ఆగకుండా ఎక్కతా పోతే, ఆపేవాడు లేడని అర్థం. వోల్టేజి 5 శాతం పెరిగితేనే బల్బు ఆయుష్షు దాదాపు సగమైపోతది. హెడ్‌లైట్ మాడగానే లోడు పడిపోయి వోల్టేజి ఇంకా ఎగరతది, ఆ దెబ్బకి టెయిల్ బల్బు పోతది. నీకు జరగతా ఉంది ఇదే.

పాత షెడ్డు:
ఇంత పరీక్ష ఎందుకయ్యా? ముప్పై ఏళ్లుగా చూస్తన్నా, ఆర్ఆర్ మారిస్తే అయిపోద్ది.

ఒంగోలు పానా:
పెద్దాయనా, ఆర్ఆర్ లైట్లని ఆపేది ఎట్టా? ఎక్కువైన కరెంటుని పసుపు వైరు నుంచి తనలోకి లాక్కుని ఎర్తుకి దించేస్తది. ఆ పసుపు పిన్నే కప్లర్‌లో చిలుం పట్టి తెగిపోతే, ఆర్ఆర్ కొత్తదైనా దాని చేతికి ఏమీ అందదు. సముద్రపు గాలిలో తిరిగే బండ్లకి ముందు కప్లర్ ఊడదీసి చూస్తా నేను. బోల్టు కింద ఎర్తు తుప్పు కూడా.

అల్లూరు గుంటగట్టు:
ఊడదీసినా. పసుపు పిన్ను పచ్చగా చిలుం పట్టి, లాగితే వైరు చేతికే వచ్చింది. విప్పకముందు రేసులో 19 చూపించింది. పిన్ను మార్పించి, ఎర్తు దగ్గర గరుకు కాగితం వేశాక 13.4. స్లోలో మాత్రం ఇంకా గుడ్డిగానే ఉంది.

ఒంగోలు పానా:
స్లోలో డిమ్ము ఆ రకం బండికి ఉండేదే, కాయిల్ తిరిగితేనే కరెంటు. ఇంకో మాట, లైట్ల పక్క ఏసీ కరెంటు అలని ఆర్ఆర్ కోసేసి ఉంటది కాబట్టి చవక డిజిటల్ మీటరు అంకెని పూర్తిగా నమ్మొద్దు. 19 నుంచి 13కి దిగడమే మనకి సాక్ష్యం.

పాత షెడ్డు:
అంకెల్ని నమ్మొద్దంటావు, మళ్లీ అంకెలే సాక్ష్యమంటావు! ఆర్ఆర్ కూడా దెబ్బతిని ఉంటది, నెల తరవాత చెప్పమను.

అల్లూరు గుంటగట్టు:
పది రోజులైంది, పాత బల్బే. ఆర్ఆర్ ఇంకా కొనలా. కప్లర్‌లో వాజలీను పెట్టొచ్చా?

కందుకూరు కుర్రోడు:
పెట్టు అన్నా, కొంచెమే.

పాత షెడ్డు:
వద్దు, దుమ్ము పట్టుద్ది.