పనితీరు రేటింగులో 4.1 వచ్చిన నాకు 3.2, 3.6 వచ్చినవాడికి 3.9: ఇది న్యాయమేనా?

గోదారి గట్టు (ప్రశ్న): హైదరాబాద్‌లో ఐటీ కంపెనీ. నా మూడు గోల్స్ వెయిటేజీ 50, 30, 20. వాటిలో 4, 5, 3 వచ్చాయి, కలిపితే 4.1. ఒక్కో గోల్‌కి మేనేజర్, ప్రాజెక్ట్ లీడ్, బయటి టీం మనిషి ఒకరు మార్కులేస్తే సగటు తీస్తారు. తర్వాత "విభాగాల మధ్య నార్మలైజేషన్" అని నన్ను 3.2కి దించారు. సపోర్ట్ టీంలో నా ఫ్రెండ్‌కి 3.6 వస్తే 3.9కి ఎక్కించారు. ఇదేం లెక్క? మా ఆరుగురి స్కోర్లు: 4.7, 4.6, 4.5, 4.4, 4.1 (నేను), 3.5. కంపెనీ సగటు 3.5, స్కోర్లు దాని చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే SD 0.6 అని హెచ్చార్ మెయిల్‌లో ఉంది.

బెంచ్ మీద బాబు: బ్రో, ఇది బెల్ కర్వే. పేరు మార్చారంతే. మైక్రోసాఫ్ట్ 2013లోనే తీసేసింది, మనవాళ్లు ఇంకా పట్టుకుని వేలాడుతున్నారు.

హెచ్చార్ పాతకాపు: బాబు గారూ, మైక్రోసాఫ్ట్ తీసేసిన మాట నిజమే. కానీ అక్కడ ఇంతమందికి పైరేటింగ్, ఇంతమందికి కిందిది అని ముందే కోటా ఉండేది. ఇక్కడ కోటా లేదు, స్కేలు మార్చారు. ఎక్సెల్‌లో ఇలా ఉంటుంది:

```
=3.5+0.6*(B2-AVERAGE(B$2:B$7))/STDEV.P(B$2:B$7)
```

గోదారి గారి టీం సగటు 4.3, SD 0.4. ఆయన 4.1 అంటే సగటుకి అర SD కింద. అందుకే 3.5లోంచి 0.3 తీసేసి 3.2 ఇచ్చారు. ఫ్రెండ్ టీం సగటు 3.2, SD 0.6 అయితే ఆయనకి 3.9 వస్తుంది. లెక్క తప్పు కాదు. అసలు ఇది లేకపోతే చెయ్యి ఉదారంగా ఉన్న మేనేజర్ల టీములే హైక్ డబ్బంతా పట్టుకుపోతాయి. ఇరవై ఏళ్లు చూశాను.

సెక్రటేరియట్ సర్: మాకు ఏటా రాసే పనితీరు నివేదిక ఏపీఏఆర్‌లో పనికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకి 30, సామర్థ్యానికి 30. మార్కు నచ్చకపోతే 15 రోజుల్లో అభ్యంతరం రాసుకోవచ్చు. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి ఎంట్రీ ఉద్యోగికి తెలియజేయాలంది. మీరూ ఒక లెటర్ పెట్టండి.

బెంచ్ మీద బాబు: సర్, అది సర్కారు నౌకరీ. మా దగ్గర లెటర్ పెడితే మళ్ళీ అదే మేనేజర్ టేబుల్ మీదికి వస్తుంది.

లెక్కల పంతులమ్మ: పాతకాపు గారు సగమే చెప్పారు. టీం సగటు 4.3 ఉండటానికి మేనేజర్ ఉదారత కారణం కావచ్చు, టీం నిజంగా బాగా చేసి ఉండవచ్చు. ఈ సూత్రం మొత్తం తేడాని ఉదారత ఖాతాలో వేసేస్తుంది.

పైగా ఆరుగురే. 3.5 వచ్చిన మనిషిని లెక్కలోంచి తీసేసి చూడండి. సగటు 4.46 అవుతుంది, SD 0.2కి పడిపోతుంది. గోదారి గారి 3.2 కాస్తా 2.45 దాకా జారుతుంది. ఆయన పని ఒక్క వీసం మారలేదు, పక్కవాడు లేడంతే! ఇంత చిన్న టీంలో SDతో భాగించడం నా దృష్టిలో పూర్తిగా తప్పు. కనీసం ఇరవై మంది ఉంటే తప్ప ఆ పని చెయ్యకూడదు.

గోదారి గారూ, మీ టీంకి ఎవరు ఎంతేశారో విడివిడిగా తెలుసా? సగటు తీసేశాక ఎవరి చెయ్యి ఉదారమో కనబడదు.

గోదారి గట్టు: అడిగితే చెప్పారు మేడం. టీం మొత్తానికి సగటున మేనేజర్ 4.7, లీడ్ 4.3, బయటివాళ్లు 3.9.

లెక్కల పంతులమ్మ: ఆ బయటివాళ్లే మిగతా టీములకి సగటున 3.5 వేసి ఉంటే, మీ టీం నిజంగానే 0.4 ముందుంది. కంపెనీ సగటుతో ఉన్న 0.8 తేడాలో మిగతా 0.4 మాత్రమే ఇంటివాళ్ల ఉదారత. దాన్ని తీస్తే మీకు 3.7 రావాలి. 4.1 కాదు, 3.2 కూడా కాదు.

హెచ్చార్ పాతకాపు: అమ్మా, ఆ బయటి మనిషిని ఎంచుకునేది ఉద్యోగే. తనతో మంచిగా ఉండేవాడి పేరే ఇస్తాడు. ఆ 3.9ని కొలబద్దగా ఎలా తీసుకుంటారు?

లెక్కల పంతులమ్మ: అన్ని టీములూ అలాగే ఎంచుకుంటే ఆ మొహమాటం అందరికీ సమానమే కదా. గోదారి గారి టీములోనే ఎక్కువ అని మీరు చూపిస్తే ఒప్పుకుంటాను.

హెచ్చార్ పాతకాపు: చూపించడానికి డేటా ఎవరిస్తారు? నేనైతే చిన్న టీములకి సూత్రమే వాడను, మేనేజర్లని ఒక గదిలో కూర్చోబెట్టి మనిషి మనిషికీ చర్చ పెట్టిస్తాను.

బెంచ్ మీద బాబు: ఆ గదిలో గట్టిగా అరిచే మేనేజర్ టీమే గెలుస్తుంది సర్. మావాడు నోరు తెరవడు.

గోదారి గట్టు: పంతులమ్మ గారూ, ఒక్క టెన్షన్. ఆ 3.5 వచ్చిన ఆయన ఇప్పుడు నోటీస్ పీరియడ్‌లో ఉన్నారు, 30న ఆఖరి రోజు. రేటింగులు ఫైనల్ చేసేది వచ్చే నెల మొదట్లో. ఆయన్ని లెక్కలో ఉంచుతారా, తీసేస్తారా అని రేపు హెచ్చార్‌ని అడుగుతాను.