ప్రాజెక్టు లీడ్ మారుతున్నారని క్లయింటుకు ఎప్పుడు చెప్పాలి: రాజీనామా అందగానేనా, కొత్తవారు ఖరారయ్యాకనా?

ప్రశ్న అడిగినవారు

మా ప్రాజెక్టు లీడ్ నిన్న రాజీనామా ఇచ్చారు. నోటీసు గడువు రెండు నెలలు. క్లయింటు పాత బిల్లింగ్ సిస్టమ్‌లోని డేటాను కొత్తదానికి మార్చే పని మా చేతిలో ఉంది. తుది మార్పిడికి ఇంకా 10 వారాలుంది, అంటే ఆయన వెళ్లిన వారం పది రోజులకే అది జరగాలి. ఆయన స్థానంలో ఎవరన్నది తేలలేదు. పేరు ఖరారయ్యే వరకు క్లయింటుతో అనవద్దని మా అకౌంట్ మేనేజర్ గారు అంటున్నారు, ఇప్పుడే చెప్పడం మంచిదని నేనంటున్నాను. మీరేమంటారు?

సేల్స్ విభాగం

మీ అకౌంట్ మేనేజర్ గారి మాటే సరైనది. లీడ్ వెళ్తున్నారని చెప్పగానే క్లయింటు అడిగే మొదటి ప్రశ్న "మరి ఎవరు వస్తున్నారు?" అనే కదా. దానికి జవాబు లేకుండా ఫోన్ చేస్తే మీ ఇబ్బందిని వారి నెత్తిన పెట్టినట్లవుతుంది. పేరు, అనుభవం, చేరే తేదీ చేతిలో పెట్టుకుని, అనివార్య కారణాల వల్ల మార్పు జరుగుతోందని, నాణ్యత ఏమాత్రం తగ్గదని ఒక్క మెయిల్‌లో చెబితే సరిపోతుంది.

డెలివరీ మేనేజర్

పై వారు చెప్పిన మొదటి ప్రశ్న నిజమే, క్లయింటు తప్పకుండా అదే అడుగుతారు. కానీ అందుకోసం ఎంతకాలం ఆగవచ్చన్నది వేరే విషయం. ముందుగా ఒప్పందం తీసి, కీలక సిబ్బంది గురించిన నిబంధన ఉందో లేదో చూడండి. లీడ్ పేరు అందులో రాసి ఉంటే, సాధారణంగా రాతపూర్వక నోటీసు, కొత్త వ్యక్తికి క్లయింటు ఆమోదం రెండూ అవసరమవుతాయి, అప్పుడు ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టానికి వదిలిన విషయం కాదు.

అలాంటి నిబంధన లేకపోయినా, వారాల తరబడి దాచడం ఆచరణలో కుదరదు. మీ లీడ్ ప్రతి వారం క్లయింటు కాల్‌లో కూర్చుంటారు. "తుది మార్పిడి రాత్రి మీరు ఉంటారు కదా?" అని వారు మామూలుగా అడిగినా, ఆయన అబద్ధమైనా చెప్పాలి, లేదా మీకంటే ముందుగా విషయం బయటపెట్టాలి. అందుకే రెండు మూడు రోజులకు మించి ఆగవద్దని నా అభిప్రాయం. ఆ రోజుల్లో పేరు తేలకపోయినా, పేరు ఏ తేదీకి చెప్పగలరో మాత్రం తేల్చుకోండి. మొదట ఫోన్ చేసి, అదే రోజు మెయిల్ పంపండి. మీ సందర్భానికి నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారం. ఫోనులో చెప్పిన విషయాన్ని రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను. మీ ప్రాజెక్టు లీడ్ మా సంస్థ నుంచి వైదొలగుతున్నారు. నోటీసు గడువు ముగిసే వరకు పూర్తిగా మీ పనిలోనే ఉంటారు. వారి బాధ్యతలు ఎవరు తీసుకుంటారో వచ్చే శుక్రవారంలోగా తెలియజేసి, వారితో మీకు సమావేశం ఏర్పాటు చేస్తాను. తక్కిన బృందంలో మార్పు లేదు. రెండో ట్రయల్ మార్పిడి తేదీ మారదు. తుది మార్పిడి తేదీని ఆ ట్రయల్ ఫలితం చూశాక మీతో కలిసి నిర్ధారిస్తాము. బాధ్యతల అప్పగింతకు పట్టే గంటలకు మీకు బిల్లు వేయము. ఈలోగా ఏ నిర్ణయం కావాలన్నా నేరుగా నన్ను సంప్రదించండి."

ఇందులో నాణ్యత తగ్గదన్న వాక్యం కావాలనే రాయలేదు. దాన్ని క్లయింటు సరిచూసుకునే మార్గం లేదు. ట్రయల్ తేదీనైతే సరిచూసుకోగలరు. వెళ్లడానికి కారణం కూడా రాయలేదు, అది ఆయన సొంత విషయం. "అనివార్య కారణాలు" అన్న మాట చదివినవారు తొలగించారేమోనని అనుకుంటారు కాబట్టి దాన్నీ వదిలేయండి.

మెయిల్ వెళ్లాక అసలు పని మొదలవుతుంది. పత్రాల్లో ఉన్నది ఎలాగూ కొత్తవారికి అందుతుంది. లీడ్ క్లయింటుకు నోటిమాటగా ఒప్పుకున్నవే జారిపోతాయి. "పాత బకాయిల్లో పైసల తేడా వస్తే సవరించి వేస్తాం" అని ఏదో కాల్‌లో అని ఉంటారు, అది ఎక్కడా ఉండదు. ఆయనతో కూర్చుని అటువంటివన్నీ రాయించి, క్లయింటుకు పంపి, ఇంకేమైనా ఉన్నాయా అని అడగండి. అలాగే రాత్రి పూట నడిచే జాబ్‌లు ఏ యూజర్ పేరు మీద నడుస్తున్నాయో చూడండి. అవి లీడ్ సొంత అకౌంట్ మీద ఉంటే, చివరి రోజున ఐటీ విభాగం దాన్ని మూసిన రాత్రే ఆగిపోతాయి, కొత్త లీడ్ మొదటి ఉదయం క్లయింటుకు సంజాయిషీతో మొదలవుతుంది.

స్వతంత్రంగా పనిచేసేవారు

నేనూ ఒక ప్రాజెక్టు మధ్యలో వదిలి వెళ్లాలనుకుంటున్నాను. మీలాగే క్లయింటుకు ముందే చెప్పేస్తే చివరి ఇన్‌వాయిస్ ఆపేస్తారేమోనని భయంగా ఉంది. మీరు మీ సంస్థకు తెలియకుండా చెప్పబోతున్నారా?

ప్రశ్న అడిగినవారు

వెళ్తున్నది నేను కాదండి, మా లీడ్. మీ ప్రశ్నకు విడిగా చర్చ మొదలుపెడితే మంచిది.

క్లయింటు వైపు పనిచేసేవారు

నేను అవతలి పక్షంలో ఉండేదాన్ని. ఒక విక్రేత సంస్థ మా లీడ్ వెళ్తున్న సంగతి ఆయన ఆఖరి వారంలో, కొత్తవారి రెజ్యూమేతో సహా పంపింది. రెజ్యూమే చాలా బాగుంది. కానీ మాకు అప్పగింతను చూసే సమయమే మిగలలేదు, దాంతో ఆ తర్వాతి కాలమంతా మా వాళ్లు సందేహం వస్తే పాత లీడ్‌కే సొంతంగా ఫోన్ చేసేవారు. అలా జరుగుతోందంటే అప్పగింత కుదరలేదనే అర్థం.

కొత్తవారు కొన్ని వారాలు కాల్స్‌లో మౌనంగా కూర్చోవడాన్ని అప్పగింత అంటే నేను ఒప్పుకోను. సగం గడువు దాటాక వరస మారాలి: కొత్తవారు కాల్ నడపాలి, పాతవారు పక్కన ఉండి అవసరమైతేనే మాట్లాడాలి. నాకు ఒకసారి నమ్మకం కలిగింది ఇలాంటి కాల్‌లోనే. పెండింగ్‌లో ఉన్న ఒక లెక్క గురించి అడిగితే, కొత్తగా వచ్చినామె పాతాయన వైపు చూడకుండా, "ఆ నిర్ణయం మీ ఫైనాన్స్ వారి దగ్గర ఆగింది, దాని వెనుక కారణం మాత్రం నాకింకా తెలియదు, రేపు చెబుతాను" అన్నారు, మర్నాడు చెప్పారు.

ఇంకొక మాట: పేరు ఖరారు చేయకముందే మాతో ఒకసారి మాట్లాడించండి. మాకు నచ్చకపోతే మార్చే హక్కు కూడా ఉండాలి.

సేల్స్ విభాగం

లీడ్ ప్రతి వారం కాల్‌లో ఉంటారన్న సంగతి నేను ఆలోచించలేదు, కాబట్టి వెంటనే చెప్పడానికి ఒప్పుకుంటాను. కానీ ఒప్పందంలో లేని ఆమోదపు హక్కును మనంతట మనమే ఇస్తే, రేపు టెస్టర్ మారినా ఇంటర్వ్యూ అడుగుతారు. అప్పగింత గంటలకు బిల్లు వేయబోమని ముందే రాయడం కూడా తొందరపాటే.

డెలివరీ మేనేజర్

బిల్లు విషయంలో నేను మారను: మన మనిషి వెళ్లినందువల్ల వచ్చిన ఖర్చు మనదే. ఆమోదం సంగతిలో మీరన్నదానిలో కొంత నిజముంది. పరిచయ సమావేశం పెట్టి అభ్యంతరం ఉంటే వింటామని చెప్పవచ్చు, కాదనే హక్కు ఇస్తామని రాయకూడదు.

క్లయింటు వైపు పనిచేసేవారు

విని ఏం చేస్తారు? తుది మార్పిడికి నెల ముందు అభ్యంతరం చెబితే, మీ దగ్గర మరొకరు ఉండరు.

ప్రశ్న అడిగినవారు

ఒప్పందం చూశాను, కీలక సిబ్బంది నిబంధనలో లీడ్ హోదా ఉంది కానీ పేరు లేదు. నోటీసు అక్కర్లేదని అకౌంట్ మేనేజర్ గారు, కావాలని మా లీగల్ వారు అంటున్నారు. ఏదేమైనా ఎల్లుండి ఫోన్ చేయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. రాత్రి జాబ్‌లు కూడా చూశాను, రెండు మా లీడ్ అకౌంట్ మీదే నడుస్తున్నాయి.