బ్యాక్ టైట్రేషన్‌ను తెలుగులో ఏమనాలి?

అనువాదకురాలు: ప్రయోగశాల పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ ఎంత పట్టిందో చూసి కొలిచే టైట్రేషన్‌కు అంశమాపనం ఉంది. యాంటాసిడ్ మాత్ర ఎంత ఆమ్లాన్ని తటస్థం చేస్తుందో కొలిచే ‘బ్యాక్ టైట్రేషన్’ దగ్గర ఆగిపోయాను. ‘వెనుక అంశమాపనం’ అని రాస్తే నాకే నవ్వొచ్చింది.

డిగ్రీ విద్యార్థి: బ్యూరెట్‌లో ఆమ్లానికి బదులు క్షారం పోస్తారు కదండీ, తారుమారు చేయడమే. ‘విలోమ అంశమాపనం’ అనండి.

ఫార్మసీ ల్యాబు ఉద్యోగి: క్షారం పోసే మాట నిజమే, కానీ అసలు సంగతి అది కాదు. మాత్రలోని కాల్షియం కార్బొనేట్ నీళ్లలో కరగదు. నేరుగా ఆమ్లం చుక్కలు వేస్తే పొడి నెమ్మదిగా కరుగుతూ ఉంటుంది, ఎక్కడ ఆపాలో తెలియదు. అందుకే ముందే ఎక్కువ ఆమ్లం పోసి, మిగిలినదాన్ని క్షారంతో కొలుస్తాం. 500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ ఉన్న మాత్రను నూరి, 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 30 మి.లీ. పోసి, పావుగంట కలిపామనుకోండి. తర్వాత 0.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 40.8 మి.లీ. పట్టిందంటే మిగిలిన ఆమ్లం 20.4 మిల్లీ ఈక్వివలెంట్లు. పోసినవి 30. మాత్ర తిన్నది 9.6. లెక్క ప్రకారం 10 రావాలి.

తెలుగు మాస్టారు: కొట్లో పెద్దనోటు ఇచ్చి, చేతికొచ్చిన చిల్లర చూసి సరుకు ధర తెలుసుకోవడమన్నమాట! అయితే ‘తిరుగు అంశమాపనం’. తిరుగు టపా ఉండగా ఇదెందుకు ఉండకూడదు?

ఫార్మసీ ల్యాబు ఉద్యోగి: చిల్లర పోలిక బాగుంది మాస్టారూ. కానీ ఇక్కడ ఏదీ తిరిగి రాదు, మిగులుతుంది. ‘మిగులు అంశమాపనం’ అంటే పని పేరులోనే తెలుస్తుంది.

గృహిణి: నేను రాత్రిపూట రెండు మాత్రలు చప్పరిస్తాను. ఈ అంకె ఎక్కువున్నది కొనుక్కుంటే మంట త్వరగా తగ్గుతుందా?

ఫార్మసీ ల్యాబు ఉద్యోగి: త్వరగా అని చెప్పలేమండీ. ఇది ఎంత అన్నదే చెబుతుంది, ఎంతసేపట్లో అన్నది కాదు. తరచూ మంటగా ఉంటే డాక్టరుకు చూపించండి.

డిగ్రీ విద్యార్థి: మా ల్యాబులో సూచికగా ఫినాఫ్తలీన్ వేశాం. గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి పోయేది. మళ్లీ చుక్క, మళ్లీ మాయం. చివరికి మాత్రలో సరుకు తక్కువని రాశాను.

ఫార్మసీ ల్యాబు ఉద్యోగి: మాత్ర తప్పు కాదది. ద్రావణంలో ఉండిపోయిన కార్బన్ డయాక్సైడ్ మీ క్షారాన్ని తినేసింది. క్షారం ఎక్కువ పట్టింది కాబట్టి ఆమ్లం ఎక్కువ మిగిలినట్టు కనిపించింది. మరిగించి చల్లార్చాకే సూచిక వేయాలి. మేమైతే పీహెచ్ మీటరు పెట్టి 3.5 దగ్గరే ఆపేస్తాం, అక్కడ ఆ వాయువు బెడద ఉండదు. అల్యూమినియం ఉన్న మాత్రలకు ఇది మరీ అవసరం. ఇంకా పైకి పోతే కరిగిన అల్యూమినియం మళ్లీ తెల్లటి మడ్డిగా విడిపోతూ క్షారాన్ని పీల్చుకుంటుంది.

అనువాదకురాలు: ‘మిగులు’ వైపే మొగ్గుతున్నాను. కానీ ‘మిగులు బడ్జెట్’ గుర్తొస్తోంది.

తెలుగు మాస్టారు: పైగా మిగిలిపోయిన పని అనుకునే ప్రమాదమూ ఉంది. నా ఓటు ‘తిరుగు’కే.